నెల పట్టికలో తప్పు లవంలో లేదు, హారంలో ఉంది

నెలవారీ అలవాట్ల పట్టిక గురించి ఎవరు మాట్లాడినా గళ్లు నింపడం గురించే మాట్లాడతారు. ఏ రంగు పెన్ను, ఏ యాప్, ఎన్ని అలవాట్లు అని. నా గొడవ వేరు. పట్టిక చివర కనిపించే ఆ రెండు అంకెలు చాలా పట్టికల్లో తప్పుగా లెక్కవుతున్నాయి. ఒకటి, వరుసగా ఎన్నిసార్లు చేశామో చెప్పే స్ట్రీక్. రెండోది, నెలలో ఎంత చేశామో చెప్పే శాతం. నడక, చదువు, వేళకు మాత్ర వేసుకోవడం లాంటి రోజువారీ పనులకు ఈ తప్పు బయటపడదు. ముప్ఫై రోజులకు ముప్ఫై గళ్లు, లెక్క కుదిరిపోతుంది. వర్కౌట్ వరుస దగ్గరకొచ్చేసరికి మాత్రం తేడా కొడుతుంది. బరువులతో చేసే వ్యాయామం రోజూ చేసేది కాదు గనక.

తిరుపతిలో మా వదిన పట్టికే చూద్దాం. ఆవిడ బడిలో లెక్కల టీచరు. మోకాళ్ల నొప్పులకు డాక్టరు తొడ కండరాలు గట్టిపడాలని చెప్పాక, ఇంటికి దగ్గర్లోని జిమ్‌లో చేరింది. వారానికి మూడు రోజులు: సోమ, బుధ, శుక్ర. మిగతా రోజుల్లో పొద్దున్నే యూనివర్సిటీ వైపు నడక. ఫోన్లో ఒక ట్రాకర్ యాప్ పెట్టుకుంది. 2025 నవంబర్ ఆఖరున ఆ యాప్ జిమ్ వరుసకు 27 శాతం అని ఎర్ర రంగులో చూపించింది. స్ట్రీక్ దగ్గర సున్నా. ఆ నెలలో ఆవిడ అత్యధిక స్ట్రీక్ ఎంతంటే ఒకటి.

"ఏమప్పా, నేను జిమ్‌కు పోతా ఉండానా లేదా? దీన్ని చూస్తే పోనట్టే ఉంది" అంది.

ఆవిడ వెళ్లింది 8 సార్లు. యాప్ దాన్ని 30తో భాగించింది. 8/30 అంటే 26.67, అందుకే 27. సరే, ఆవిడ ఒక్కటి కూడా తప్పకుండా అన్నిసార్లూ వెళ్లి ఉంటే? ఆ నవంబర్‌లో సోమ, బుధ, శుక్రవారాలు కలిపి 12. 12/30 అంటే 40 శాతం. మొత్తం సక్రమంగా చేసినా ఎర్ర రంగే. స్ట్రీక్ సంగతి ఇంకా అన్యాయం. సోమవారం వెళ్లి మంగళవారం విశ్రాంతి తీసుకుంటే ఆ విశ్రాంతికే స్ట్రీక్ తెగిపోతుంది. చెప్పిన ప్రకారం చేసే మనిషికి జీవితాంతం ఒకటి దాటని స్ట్రీక్ అది.

ఇక్కడ విశ్రాంతి అంటే బద్ధకం కాదని చెప్పాలి. బరువులెత్తాక కండరం కోలుకుని గట్టిపడేది ఆ తర్వాతి గంటల్లోనే. అందుకే అదే కండరాలకు మళ్లీ పని చెప్పేముందు కనీసం ఒక రోజు వదలమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్లకు కండరాలు బలపడే వ్యాయామం వారానికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ రోజులు అనే ఉంది, ప్రతిరోజూ అని లేదు. రోజువారీ స్ట్రీక్ ఈ శాస్త్రానికి ఎదురు నడుస్తుంది. అంకె పడిపోకూడదని రాత్రి పదకొండున్నరకు మంచం పక్కన పది గుంజీళ్లు తీసి టిక్ పెట్టేవాళ్లు నాకు తెలుసు. జ్వరంతో వెళ్లేవాళ్లూ తెలుసు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి వచ్చి, తొడలు పట్టేసినా, మర్నాడు కాళ్ల వర్కౌట్ మానని ఒక మహానుభావుడూ తెలుసు. స్ట్రీక్ కాపాడాడు, వారం రోజులు కుంటాడు.

వదినకు లెక్క విప్పి చెప్పాల్సిన పని పడలేదు. హాజరు పట్టీ గుర్తుచేస్తే చాలింది. బడిలో పిల్లల హాజరు శాతం తీసేటప్పుడు ఏ టీచరూ నెలలోని రోజులతో భాగించదు. పని దినాలతో భాగిస్తుంది. ఆదివారం రాలేదని ఎవరికీ గైర్హాజరు పడదు. "అంటే ఈ యాప్ ఆదివారాలకు కూడా ఆబ్సెంట్ వేస్తా ఉండాదా!" అని ఆవిడే అంది. సరిగ్గా అంతే. లవం, అంటే వెళ్లిన 8 సార్లు, నిజం. హారం అబద్ధం. సరైన హారం 12, శాతం 67.

అందుకని ఇద్దరం కూర్చుని గూగుల్ షీట్స్‌లో కొత్త పట్టిక వేశాం. ఒక్కో అలవాటుకు ఒక వరుస కాకుండా రెండు వరుసలు. పైది ప్రణాళిక, కిందది చేసిన పని. నెల మొదలవకముందే ప్రణాళిక వరుసలో జిమ్ రోజులకు `P` అని పెట్టేయాలి. చేసిన రోజు కింది వరుసలో `1`. అంతే, ఇంకో గుర్తు లేదు. దీంతో ఖాళీ గడి తకరారు పోతుంది. మామూలు పట్టికలో ఖాళీ గడికి మూడు అర్థాలుంటాయి: ఆ రోజు చేయనక్కర్లేదు, చేయాల్సింది చేయలేదు, ఆ రోజు ఇంకా రాలేదు. మూడింటినీ ఒకేలా చూపిస్తే ఏ ఫార్ములా అయినా ఏదో ఒకటి తప్పుగా అనుకోవాల్సిందే. రెండు వరుసలుంటే పైన `P` లేకపోతే చేయనక్కర్లేదు. `P` ఉండి కింద ఖాళీ అయితే, తేదీని బట్టి అది తప్పిందో, ఇంకా రావాల్సి ఉందో తెలిసిపోతుంది.

రెండో వరుసలో `C2` నుంచి `AG2` దాకా తేదీలు, మూడో వరుస ప్రణాళిక, నాలుగో వరుస చేసినవి అనుకుంటే, శాతం ఇలా వస్తుంది:

```
=IFERROR(
 COUNTIFS(C3:AG3,"P",C4:AG4,1,C2:AG2,"<"&TODAY())
 /COUNTIFS(C3:AG3,"P",C2:AG2,"<"&TODAY()),
 "-")
```

నిన్నటి వరకు అనుకున్నవెన్ని, అందులో చేసినవెన్ని అని ఇది అడుగుతుంది. ఇవాళ్టిని కావాలనే వదిలేశాను. సాయంత్రం జిమ్‌కు వెళ్లే మనిషికి పొద్దున్నే శాతం పడిపోయి కనిపిస్తే చిరాకు తప్ప ఉపయోగం లేదు. నెల మధ్యలో చూసేవాళ్లకు కూడా ఇదే కావాలి. పదో తేదీన 30తో భాగిస్తే రోజూ చేసే పనికి కూడా 33 శాతం మించి రాదు. చాలామంది పట్టికలు పది, పన్నెండు తేదీల్లోనే మూలపడటానికి ఆ చిన్న అంకె కూడా ఒక కారణమని నా అనుమానం.

ఇందులో చాలామంది జారిపడే చోటు ఒకటుంది. రెండో వరుసలో తేదీలకు బదులు 1, 2, 3 అని మామూలు అంకెలు టైపు చేస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ షీట్‌కు తేదీ అంటే ఒక పెద్ద సంఖ్య. 2025 నవంబర్ 1 దాని దృష్టిలో 45962. మీరు రాసిన 30 ఎప్పుడూ ఇవాళ్టి కన్నా తక్కువే కాబట్టి నెల మొత్తం గడిచిపోయిందని అనుకుంటుంది. ఎలా పట్టుకోవాలంటే, మొదటి వారంలో అన్నీ చేసినా శాతం పాతిక దగ్గరే ఆగిపోతే అదే రోగం. నిజమైన తేదీలు వేసి, ఫార్మాట్ మెనూలో రోజు అంకె మాత్రమే కనిపించేలా `d` అని పెట్టుకుంటే సరి.

స్ట్రీక్‌కు ఐదో వరుస. `C5`లో ఇది రాసి కుడివైపు `AG5` దాకా లాగాలి:

```
=IF(C3<>"P",B5,
 IF(C4=1,B5+1,
 IF(C2<TODAY(),0,B5)))
```

ప్రణాళికలో లేని రోజైతే పాత అంకెనే ముందుకు తీసుకెళ్తుంది. చేస్తే ఒకటి కలుపుతుంది. చేయాల్సిన రోజు దాటిపోయి చేయకపోతేనే సున్నా. అంటే స్ట్రీక్ ఇక రోజుల లెక్క కాదు, అనుకున్న సార్ల లెక్క. `AG5`లో ప్రస్తుత స్ట్రీక్, `MAX(C5:AG5)` వేస్తే అత్యధికం. `B5` గడిలో కిందటి నెల ఆఖరి స్ట్రీక్‌ను చేత్తో రాయాలి, మొదటి నెలైతే సున్నా. ఆ ఒక్క గడి మరిచిపోతే ప్రతి ఒకటో తేదీకీ మనిషి కొత్తగా పుట్టినట్టే. ముప్ఫై రోజుల నెలలో ఆఖరి నిలువు ఖాళీగా ఉన్నా ఇబ్బంది లేదు, అక్కడ `P` ఉండదు కాబట్టి అంకె అలాగే దాటిపోతుంది.

వదిన నవంబర్‌ను ఈ పట్టికలోకి ఎక్కించాం. ఇప్పుడు స్ట్రీక్ 5, అత్యధికం కూడా 5. పంతొమ్మిది నుంచి నెలాఖరు దాకా ఒక్కటీ తప్పలేదు. సున్నాతో నెల ముగించిందని యాప్ చెప్పిన మనిషి నిజానికి నెలను గట్టిగా ముగించింది.

అంకెలు సరైపోయాయి. నాకు అసలు ఆసక్తి కలిగింది ఆ తర్వాత. 67 అనే అంకె ఎంత తప్పిందో చెప్తుంది, ఎందుకు తప్పిందో చెప్పదు. ముప్ఫై గళ్లు అడ్డంగా ఒకే వరుసలో పరిస్తే కంటికి కూడా ఏమీ తెలియదు. అవే గళ్లను వారానికో వరుసగా పేర్చి చూస్తే:

```
          సోమ   బుధ   శుక్ర
3–9        ×     ×     1
10–16      ×     1     1
17–23      ×     1     1
24–30      1     1     1
```

శుక్రవారం నాలుగుకు నాలుగు. బుధవారం నాలుగింట మూడు. సోమవారం నాలుగింట ఒకటి. మూడు, పది, పదిహేడు తేదీలు కార్తీక సోమవారాలు. తప్పిన ఆ ఒక్క బుధవారం, ఐదో తేదీ, కార్తీక పౌర్ణమి. వదిన ఆ నాలుగు రోజులూ ఉపవాసం. తెల్లవారుజామునే కపిలతీర్థం వెళ్లి, దర్శనం చేసుకుని, బడికి వెళ్లి, సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఏమీ తినని మనిషి జిమ్‌లో బరువులెత్తాలని నేనైతే అనను. ఇరవయ్యో తేదీన అమావాస్యతో కార్తీకం అయిపోయింది. ఆ తర్వాతి సోమవారం నుంచి ఆవిడ హాజరు నిండుగా ఉంది.

కాబట్టి ఈ 33 శాతం లోటును క్రమశిక్షణ ఖాతాలో వేయడం తప్పు. అది ప్రణాళిక లోపం. కార్తీకంలో సోమవారం జిమ్ పెట్టుకోవడమే అసలు పొరపాటు. మంగళ, గురు, శనివారాలకు మార్చుకుని ఉంటే ఉపవాసానికీ జిమ్‌కూ గొడవే ఉండేది కాదు, రోజు విడిచి రోజు విశ్రాంతి కూడా కుదిరేది. అడ్డవరుస పట్టికలు, స్ట్రీక్ అంకెలు ఈ సంగతిని దాచేస్తాయి. ఏ వారంలో ఏ రోజు తప్పుతోందో చూపించని పట్టిక నాకెందుకో సగం పట్టికే అనిపిస్తుంది. వారాలు పేర్చి చూడటానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, కాగితం చాలు.

ఇక్కడ వదిన ఒక ప్రశ్న వేసింది, మంచి ప్రశ్న. "అయితే ఆ నాలుగు రోజుల్లో `P` తీసేస్తే సరిపోదా? ఉపవాసమే కదా."

తీసేస్తే 8/8. నూటికి నూరు. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. హారం మన చేతిలోకి వచ్చాక దాన్ని కత్తిరించుకోవడం చాలా తేలిక. ఇవాళ ఉపవాసం, రేపు వాన, ఎల్లుండి చుట్టాలు, అన్నింటికీ `P` తీసేస్తూ పోతే నెలకు రెండుసార్లు వెళ్లినా వంద శాతమే. క్యాలెండర్ రోజులతో భాగించే యాప్ మూర్ఖంగా కఠినమైతే, ఇది మర్యాదగా మోసం చేస్తుంది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. `P`లు ముందు నెల ఆఖరి రాత్రి గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసి పెట్టాలి. ఉపవాసాలు, పండగలు, పరీక్షల డ్యూటీలు అందులో తెలిసేవే. ఆ తర్వాత ఒక `P`ని జరపవచ్చు, కానీ ఆ రోజు రాకముందే, అదే వారంలోని ఇంకో రోజుకే. తుడిచేయడానికి లేదు. జ్వరం వచ్చిందా, తప్పినట్టే పడనీ. జ్వరం వచ్చిన నెల శాతం తగ్గడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది నిజంగా తగ్గిన నెలే. గడి మీద ఒక చిన్న నోట్ రాసుకుంటే చాలు. నవంబర్‌ను మాత్రం 67 దగ్గరే వదిలేశాం.

శాతం పక్కనే 8/12 అని భిన్నం కూడా కనిపించాలని నేను పట్టుబట్టాను. హారం పన్నెండు ఉన్నప్పుడు ఒక్క వర్కౌట్ విలువ ఎనిమిది శాతానికి పైనే. 67 నుంచి 75కు వెళ్లడమంటే పెద్ద మార్పులా వినిపిస్తుంది. నిజానికి ఒక్క రోజు తేడా. ఐదు శుక్రవారాలొచ్చిన నెలలో హారమే మారిపోతుంది. నెలకూ నెలకూ పోల్చేటప్పుడు భిన్నం చూస్తేనే మనసు నిలకడగా ఉంటుంది.

అన్ని అలవాట్లూ కలిపి పైన పెద్ద అక్షరాల్లో చూపించే మొత్తం శాతాన్ని నేను పూర్తిగా తీసేయించాను. ఎందుకో ఒక లెక్క చూడండి. రోజువారీ అలవాట్లు నాలుగు, నెలకు 120 గళ్లు. జిమ్ 12. మొత్తం 132. రోజువారీవి 114 చేసి, జిమ్‌కు ఒక్కసారి కూడా వెళ్లకపోతే మొత్తం ఎంత? 114/132, అంటే 86 శాతం. పచ్చ రంగులో. నీళ్లు తాగిన గళ్లు జిమ్ గళ్లను మింగేశాయి. కష్టమైన పని ఎప్పుడూ తక్కువ గళ్లలోనే ఉంటుంది కాబట్టి, మొత్తం శాతం ఎప్పుడూ తేలిక పనుల పక్షమే.

ఇక స్ట్రీక్ అసలు ఉండాలా అన్నది. సున్నాకు పడిపోవడం అనే శిక్షకు ఆధారం తక్కువ. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. ఒక కొత్త పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉంటుందని వాళ్ల అంచనా. నాకు ముఖ్యమనిపించింది ఇంకో విషయం: మధ్యలో ఒక అవకాశం తప్పిపోతే అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. అలాంటప్పుడు నలభై సార్లు చేసి ఒకసారి తప్పిన మనిషికి, నిన్న మొదలుపెట్టిన మనిషికి ఒకే సున్నా చూపించడం ఏ లెక్క? అయితే వాళ్లు చూసింది రోజూ చేసే తిండి, నీళ్లు, చిన్నపాటి వ్యాయామం లాంటి పనులను. వారానికి మూడుసార్ల జిమ్‌కు ఆ 66ను తెచ్చి అంటించకూడదు.

స్ట్రీక్‌ను నేను పూర్తిగా కొట్టిపారేయను. శాతం చెప్పని ఒక మాట అది చెప్తుంది. ముప్ఫైలో 24 చేస్తే 80 శాతం. మొదటి 24 రోజులు చేసి ఆఖరి ఆరు రోజులు మానేసినా 80, ప్రతి ఐదో రోజూ మానేసినా 80. రెండోవాడికి ఏదో ఒక రోజు కుదరడం లేదు, అంతే. మొదటివాడు ఆగిపోయాడు, ఇప్పుడే ఎవరైనా పలకరించాలి. ఆ తేడా తెలియాలంటే వరుస చూడాల్సిందే. కానీ వర్కౌట్‌కు దాన్ని వారాల్లో లెక్కపెట్టమంటాను. వారంలో కనీసం రెండు పడితే ఆ వారం నిలిచినట్టు. వదిన నవంబర్‌లో మొదటి వారం ఒక్కటే పడింది, తర్వాత రెండు, రెండు, మూడు. అంటే మూడు వారాల స్ట్రీక్. సోమవారం తప్పినా బుధ, శుక్రవారాలతో వారాన్ని కాపాడుకునే వీలుంటుంది కాబట్టి, ఒకటి తప్పిందని మిగతావీ వదిలేసే బుద్ధి పుట్టదు. రోజు స్ట్రీక్‌లో ఆ వీలు లేదు.

గడిలో `1` అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. వదిన విషయంలో కనీసం పాతిక నిమిషాలు, అందులో తొడలకు పని చెప్పే వ్యాయామం ఒకటైనా. ట్రెడ్‌మిల్ మీద నడిచి వస్తే అది నడక వరుసలోకే వెళ్తుంది. అలిపిరి మెట్లెక్కిన రోజు జిమ్ గడిలో `1` వేయవచ్చా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వేయకూడదని నేను, కాళ్లకు అంతకన్నా పని ఏముందని ఆవిడ. చివరికి ఆవిడ మాటే నెగ్గింది, ఆ వారంలోని ఒక `P`ని ముందే మెట్ల రోజుకు జరిపితేనే అన్న షరతుతో. ఎన్ని కిలోలు ఎత్తిందో పట్టిక చెప్పదు. దానికి వేరే నోటుబుక్కు ఉంది. ఈ పట్టికకు ఆ భారం పెట్టకపోవడమే మంచిది.

డిసెంబర్ ప్రణాళిక నవంబర్ 30 రాత్రి వేశాం. కార్తీకం అయిపోయింది కాబట్టి సోమ, బుధ, శుక్రవారాలే ఉంచింది. పదహారున ధనుర్మాసం మొదలు, అప్పటినుంచి తెల్లవారకముందే లేచి గుడికి వెళ్తుంది గనక జిమ్ వేళను పొద్దుటి నుంచి సాయంత్రానికి మార్చుకుంది. నీళ్ల వరుసను తీసేయమన్నాను. వరుసగా కొన్ని నెలలు తొంభై ఐదు దాటిన వరుస కొత్తగా చెప్పేదేమీ ఉండదు, అది అలవాటైపోయింది. ఆవిడ ఒప్పుకోలేదు. "పచ్చగా ఉండేది అదొక్కటే, దాన్నీ తీసేస్తే ఎట్లప్పా" అంది. ఉంచాం, అట్టడుగున, శాతం లేకుండా.